కజిన్స్ కలయికకి ఫోటోలు అడుగుతూ ఉత్తరం రాశాను, పంపేముందు ఒకసారి చూసి చెప్పండి

అరండల్‌పేట_అమ్మాయి

అందరికీ నమస్తే. వచ్చే కనుమ రోజున మా తాతయ్య సంతానమంతా గుంటూరులో కలుస్తున్నాం. ఆరుగురు పిల్లలు, వాళ్ళ పిల్లలు, మనవలు కలిపి యాభై మంది దాటతాం. హాలు గుమ్మం పక్కన ఆరడుగుల వెడల్పు, నాలుగడుగుల ఎత్తు ఫ్లెక్స్ మీద పాత ఫోటోల కొలాజ్ పెడదామని అనుకున్నాం. ఆ పని నా మీద పడింది. చుట్టాలందరికీ పంపడానికి రాసిన ఉత్తరం ఇది:

"పెదనాన్నకి, పెద్దమ్మకి, బాబాయిలకి, పిన్నులకి, మేనత్తలకి, మావయ్యలకి నమస్కారాలు. అన్నయ్యలు, వదినలు, తమ్ముళ్ళు, చెల్లెళ్ళు అందరూ బాగున్నారని తలుస్తాను. కనుమ నాటికి మన ఇంటి ఫోటోలన్నీ కలిపి ఒక కొలాజ్ చేస్తున్నాం. మీ దగ్గరున్న పాత ఫోటోలన్నీ ఈ నెలాఖరులోగా నాకు వాట్సాప్ చేయండి. ఫోటో పంపితే వాడుకోవడానికి మీరు ఒప్పుకున్నట్టే. ఎవరికైనా అభ్యంతరం ఉంటే ముందే చెప్పండి, చెప్పకపోతే సరే అనుకుంటాను."

మా తమ్ముడు చదివి "బాగుంది, పంపెయ్" అన్నాడు. నాకే టెన్షన్‌గా ఉంది. కారణం ఒక ఫోటో. 1987లో తెనాలిలో మా చిన్న మేనత్త పెళ్ళప్పుడు తీసిన గ్రూప్ ఫోటో. అందులో 23 మంది ఉన్నారు. తాతయ్య, నానమ్మ, ఆరుగురు సంతానం ఒకేచోట ఉన్నది మాకు తెలిసి అదొక్కటే. నానమ్మ పక్కన, ఆవిడ భుజం మీద చెయ్యేసి మా బాబాయ్ మొదటి భార్య నిలబడి ఉంటుంది. తర్వాత వాళ్ళు విడిపోయారు. ఇప్పుడున్న పిన్ని కూడా కనుమకి వస్తుంది. ఏం చేయాలో తోచడం లేదు.

బ్రాడీపేట_నాలుగోలైను

ఫోన్‌లోనే కొలాజ్ యాప్‌లు బోలెడున్నాయి కదండీ. ఫోటోలు వేస్తే అదే అమర్చేస్తుంది. ఫ్లెక్స్ అయితే ముందురోజు ఇచ్చినా సాయంత్రానికి చేతికి వస్తుంది. ఉత్తరం దాకా ఎందుకు?

అరండల్‌పేట_అమ్మాయి

అమర్చడం కష్టం కాదండీ. ఏది పెట్టాలి, ఎవరిని అడిగి పెట్టాలి అన్నదే నా బాధ.

పటమట_పెద్దాయన

అమ్మాయ్, నాకు డెబ్భై నాలుగేళ్ళు. మా రోజుల్లో పెళ్ళి ఫోటోలు ఫ్రేము కట్టించి ముందు గదిలో పెట్టేవాళ్ళం. వచ్చినవాళ్ళంతా చూసేవాళ్ళు. ఎవరినీ అనుమతి అడిగింది లేదు. సొంత మేనత్తకి "మీ ఫోటో పెట్టుకోవచ్చా" అని ఉత్తరం రాస్తే ఆవిడ మనసు కష్టపెట్టుకుంటుంది, పరాయిదాన్ని చేశారని.

ప్లీడరు_గుమాస్తా

పెద్దాయన గారూ, ఆ రోజులు పోయాయండి. 2023లో వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది. ఫోటో కూడా వ్యక్తిగత డేటాయే. ప్రతి ఒక్కరి దగ్గరా రాతపూర్వకంగా ఒప్పుకోలు తీసుకోవాల్సిందే. పద్దెనిమిదేళ్ళు నిండని పిల్లలకి తల్లిదండ్రులు ఒప్పుకోవాలి. అమ్మాయి గారు ఒక ఫారం తయారుచేసి యాభై మందితో సంతకాలు పెట్టించుకుంటే మంచిది.

లెన్స్_బాబాయ్

గుమాస్తా గారూ, సగం వరకే నిజం. ఆ చట్టంలోనే మూడో సెక్షన్లో ఉంది, ఒక వ్యక్తి తన సొంత పనికో ఇంటి పనికో వాడుకునే డేటాకి ఆ చట్టం వర్తించదని. కుటుంబం కలిసే హాల్లో ఫ్లెక్స్ కట్టుకోవడం ఇంటి పనే. అదే ఫోటోలని ఊరందరూ చూసే పేజీలో పెడితే ఇంటి పని అనడం కష్టం. పిల్లల సంగతిలో మాత్రం మీ మాట పాటించదగ్గదే. చట్టం కోసమని కాదు, ఆ తల్లి కోసం.

అమ్మాయ్, నేను గవర్నర్‌పేటలో ముప్పై ఏళ్ళు స్టూడియో నడిపాను. ఇలాంటి కొలాజ్‌లు చాలా చేశాను. నీ ఉత్తరంలో ఇబ్బంది ఒక్క వాక్యంలో ఉంది. "ఫోటో పంపితే వాడుకోవడానికి మీరు ఒప్పుకున్నట్టే" అన్నావు. ఫోటో పంపేది ఒకరు, అందులో ఉన్నది ఇంకొకరు. ఆ 1987 ఫోటో మీ పెదనాన్న పంపాడనుకో, ఆయన ఒప్పుకున్నది ఆయన ఒక్కడి ముఖానికే. మిగతా 22 మంది సంగతి ఆయన చెప్పలేడు కదా. ఎవరి ఆల్బమ్ అన్నది ఒక ప్రశ్న, ఎవరి ముఖం అన్నది ఇంకో ప్రశ్న. నీ ఉత్తరం రెంటినీ ఒకే ముడి వేసింది.

తెనాలి_కోడలు

బాబాయ్ గారు చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజం. మా ఇంట్లో జరిగింది చెప్తాను. మూడేళ్ళ క్రితం మా అత్తగారి తరఫు వాళ్ళు ఇలాగే ఫ్లెక్స్ చేయించారు. మా ఆడపడుచుకి అంతకు ముందు ఒక సంబంధం కుదిరి, నిశ్చితార్థం అయ్యాక తప్పిపోయింది. ఆ నిశ్చితార్థంలో పట్టుచీర కట్టుకుని, వేళ్ళకి గోరింటాకుతో నవ్వుతూ ఉన్న ఫోటో వాళ్ళ పెద్దనాన్న దగ్గర ఉంది. "పిల్ల ఎంత బాగుందో" అని ఆయనే ప్రేమగా పంపారు. పక్కన అబ్బాయిని కత్తిరించేశారు కానీ, అబ్బాయి చెయ్యి ఆ పిల్ల భుజం దగ్గర అలాగే ఉండిపోయింది. హాల్లోకి వచ్చి అది చూసి, మా ఆడపడుచు భోజనం చేయకుండా వెళ్ళిపోయింది. ఎవరూ కావాలని చేయలేదు. ఆ పిల్లని అడగలేదు, అంతే.

ఇంకో సంగతి. కోడళ్ళ ఫోటోలకి భర్తల్ని అడిగి ఊరుకోకండి. నా ఫోటో పెట్టుకోవచ్చా అని మా ఆయన్ని అడిగారు, ఆయన సరే అన్నారు. నాకు హాల్లోనే తెలిసింది.

సింగ్‌నగర్_శ్రీమతి

మధ్యలో నా గోడు చెప్పుకుంటున్నందుకు ఏమీ అనుకోవద్దు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు మా ఇల్లు మొదటి అంతస్తు దగ్గర దాకా మునిగింది. ఆల్బమ్‌లన్నీ బీరువా కింది అరలో ఉన్నాయి. నీళ్ళు తీశాక చూస్తే ఫోటోలు ఒకదానికొకటి అంటుకుపోయి ఇటుకలా అయ్యాయి. మా అమ్మ ఫోటో ఒకటి అద్దం ఫ్రేములో ఉంది, అది అద్దానికే అతుక్కుపోయింది. పారేయలేక ఇప్పటికీ ఒక అట్టపెట్టెలో పెట్టి ఉంచాను. వాటిని ఏమైనా చేయొచ్చా? మీ ఉత్తరం చూడగానే, మా చుట్టాల దగ్గరైనా కాపీలు ఉంటాయేమో అడగాలన్న ఆలోచన ఇప్పుడు వచ్చింది.

లెన్స్_బాబాయ్

అమ్మా, అద్దానికి అంటుకున్న దాన్ని మాత్రం పీకొద్దు. ఫోటో పైపొర జెలటిన్, అది అద్దాన్ని పట్టుకుని ఉంది. లాగితే ముఖం అద్దం మీదే ఉండిపోతుంది. అద్దంతో సహా స్కానర్ మీద బోర్లించి స్కాన్ చేయించండి. ముందు అద్దం బయటివైపు శుభ్రంగా తుడవండి. బొమ్మ బాగానే వస్తుంది.

ఇటుకలా అయిన కట్టకి, స్టూడియోలో కడిగిన పాత ప్రింట్లయితే ఒక దారి ఉంది. వెడల్పాటి పళ్ళెంలో చల్లటి మంచినీళ్ళు పోసి కట్టని అందులో ఉంచండి. కాసేపటికోసారి అంచు దగ్గర మెల్లగా కదిపి చూడండి. వాటంతట అవి వదిలితేనే తీయండి, గోరు పెట్టొద్దు. విడిపోయిన వాటిని బొమ్మ పైకి ఉండేలా నీడలో ఆరబెట్టండి. ముందు మీకు అంతగా అక్కర్లేని నాలుగైదు ఫోటోలతో చేసి చూడండి. బూజు పట్టి చాలాకాలం ఆరిపోయిన వాటికి రంగు ఊడిపోవచ్చు, అన్నీ దక్కుతాయని నేను చెప్పలేను. ఇంట్లో కంప్యూటర్ ప్రింటర్ మీద తీసిన ప్రింట్లని మాత్రం నీళ్ళలో పెట్టొద్దు, సిరా కరిగిపోతుంది.

అరండల్‌పేట_అమ్మాయి

సింగ్‌నగర్ అక్కా, మీరు రాసింది చదివాక మా ఉత్తరంలో ఒక మాట కలుపుతున్నాను. "మీ ఇంట్లో ఫోటోలు పాడైపోయి ఉంటే చెప్పండి, మిగతావాళ్ళ దగ్గర మీవి దొరికితే కాపీ ఇస్తాం" అని. మా వాళ్ళలోనూ ఒక పిన్ని వాళ్ళది సింగ్‌నగరే. అడగాలని ఇన్నాళ్ళూ నాకు తట్టలేదు.

బాబాయ్ గారూ, 1987 ఫోటోలో బాబాయ్ మొదటి భార్య వరకు కత్తిరించి, మిగతాది పెడితే సరిపోతుందా? లేకపోతే అందులోంచి తాతయ్య, నానమ్మల ముఖాలు విడిగా తీసి పెద్దవి చేయొచ్చా?

లెన్స్_బాబాయ్

మొదటిదాని సంగతి తర్వాత. రెండోది ఎందుకు కుదరదో లెక్క చెప్తాను.

నీ ఫ్లెక్స్ ఆరడుగులంటే 72 అంగుళాలు, నాలుగడుగులంటే 48. అడ్డంగా పది, నిలువుగా ఆరు వరసలు పెడితే 60 గళ్ళు. ఒక్కో గడి ఏడు అంగుళాల వెడల్పు, ఎనిమిది అంగుళాల ఎత్తు. వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫోటో పొడవు వైపు సుమారు 1600 పిక్సెళ్ళకి తగ్గిపోతుంది. ఎనిమిది అంగుళాలకి అంటే అంగుళానికి 200. రెండడుగుల దూరం నుంచి చూసే ఫ్లెక్స్‌కి అది సరిపోతుంది. కాబట్టి ఒక మనిషో ఇద్దరో ఉన్న ఫోటో వాట్సాప్‌లో వచ్చినా భయం లేదు.

గ్రూప్ ఫోటో వేరు. 23 మంది రెండు వరసల్లో నిలబడితే వరసకి పన్నెండు మంది. 1600ని పన్నెండుకి పంచితే మనిషికి 130, అందులో ముఖానికి 60 పిక్సెళ్ళు. దాన్ని ఏడంగుళాల గడిలోకి సాగదీస్తే అంగుళానికి తొమ్మిది కూడా రావు. మీ నానమ్మ ముఖం స్థానంలో గోధుమరంగు మచ్చ కనిపిస్తుంది. ఒరిజినల్ ప్రింటు తెచ్చి మంచి స్కానర్ మీద అంగుళానికి 600 పిక్సెళ్ళ దగ్గర పెట్టి తీసినా, ఎనిమిదంగుళాల ప్రింటుకి 4800 పిక్సెళ్ళు వస్తాయి. ముఖానికి 180. అప్పుడూ అంగుళానికి పాతికే. అంతకంటే పెంచినా లాభం లేదు, ఆ కాగితంలో ఉన్న వివరమే అంత. గ్రూప్ ఫోటోని గ్రూప్‌గానే, పైన నాలుగు గళ్ళు కలిపి పెద్దగా పెట్టాలి. విడి ముఖం కావాలంటే విడి ఫోటో వెతకాలి.

ఆ ఒక్కదాన్నీ వాట్సాప్‌లో అడగొద్దు. అసలు ప్రింటు చేతికి తీసుకుని స్కాన్ చేయించి, అదే రోజు తిరిగి ఇచ్చెయ్. మిగతావాళ్ళకి "ఫోటోగా కాకుండా Document అని నొక్కి పంపండి" అని రాయి, సైజు తగ్గకుండా వస్తుంది. పాత ప్రింటుని ఫోన్‌తో తీసేవాళ్ళకి ఒక మాట చాలు. ప్లాస్టిక్ కవర్లోంచి తీసి, ఫ్లాష్ ఆపి, వరండాలో నీడ వెలుతురులో నేల మీద పెట్టి సరిగ్గా పైనుంచి తీయమను. ట్యూబ్‌లైటు మెరుపు ముఖం మీద పడిందంటే దాన్ని ఎవరూ సరిచేయలేరు.

ఇక ఆమెని కత్తిరించే సంగతి. మీ నానమ్మ భుజం మీద ఆమె చెయ్యి ఉందన్నావు. తెనాలి అమ్మాయి చెప్పింది కదా, చెయ్యి మిగిలిపోతుంది. చెరిపించినా ఆ చోట ఒకరు ఉండేవారని ఇంట్లో అందరికీ తెలుసు. ఫోటో పూర్తిగా పెట్టు, లేదా పెట్టకు.

పటమట_పెద్దాయన

కత్తిరిస్తే తప్పేముంది? విడిపోయాక ఆ ఇంటితో సంబంధం లేదు. ఇప్పుడున్న కోడలు ఆ ఫోటో ముందు నిలబడాలా? ఆమె పరువు ఆలోచించరేం?

తెనాలి_కోడలు

పెద్దాయన గారూ, ఇప్పుడున్న పిన్ని గురించి మీరన్నది నేను ఒప్పుకుంటాను. అందుకే ఆవిడనీ ముందే అడగాలి. హాల్లో ఎదురుపడకూడదు. కానీ మొదటి ఆవిడ కూడా మనిషే కదండీ. ఆ ముఖం ఆవిడది. ఫోన్ నంబరు దొరికితే ఆవిడకే ఒక మాట చెప్పాలి. చెల్లెమ్మా, నువ్వు చేస్తావా?

ప్లీడరు_గుమాస్తా

చట్టం విషయంలో నన్ను సరిదిద్దినందుకు బాబాయ్ గారికి కృతజ్ఞతలు. ఆ మినహాయింపు నేను గమనించలేదు. సంతకాల ఫారం మాట వెనక్కి తీసుకుంటున్నాను. కానీ "చెప్పకపోతే సరే అనుకుంటాను" అన్న మాట మాత్రం తీసేయండి. మా ఇంట్లో వాట్సాప్ మెసేజ్ మూడు నెలలకి చూసేవాళ్ళున్నారు. వాళ్ళు చూడకపోవడాన్ని ఒప్పుకోవడం అనలేం.

లెన్స్_బాబాయ్

సరైన మాట. జవాబు రాకపోతే ఆ ముఖం లేదని అనుకోవాలి, ఉందని కాదు. ప్రశ్న కూడా ఒకటి కాకుండా మూడుగా అడుగు. హాల్లో పెట్టడం ఒకటి, ఫ్యామిలీ గ్రూపులో పంపడం ఒకటి, ఫేస్‌బుక్‌లో పెట్టడం ఒకటి. చాలామంది మొదటిదానికి వెంటనే సరే అంటారు, మూడోదానికి ఆలోచిస్తారు. మూడూ కలిపి అడిగితే మూడోదానికి భయపడి మొదటిదానికీ వద్దంటారు. హాల్లో ఫ్లెక్స్ ముందు నిలబడి పిల్లలు సెల్ఫీలు తీసి స్టేటస్ పెడతారని కూడా ఉత్తరంలోనే చెప్పు. అది నువ్వు ఆపలేవు.

పెద్దవాళ్ళకి గూగుల్ ఫారం పంపొద్దు. ఫోటో అప్‌లోడ్ ఉన్న ఫారానికి గూగుల్ అకౌంట్‌లో లాగిన్ అవమని అడుగుతుంది, అక్కడే ఆగిపోతారు. వాళ్ళకి ఫోన్ చేసి మాట్లాడు. ఏ రోజు మాట్లాడావో, ఏ ఫోటోకి ఏమన్నారో ఒక నోట్‌బుక్‌లో రాసుకో. ప్రింటుకి వారం ముందు ఫైలు ఎవరికి వాళ్ళకి చూపించు. ఫ్లెక్స్ అచ్చయ్యాక "నాది తీసేయ్" అంటే తెల్ల స్టిక్కర్ వేయడం తప్ప దారి ఉండదు, అది ఇంకా బాధగా ఉంటుంది.

సింగ్‌నగర్_శ్రీమతి

పోయినవాళ్ళ ఫోటోలకి ఎవరిని అడుగుతారండీ?

లెన్స్_బాబాయ్

దగ్గరివాళ్ళని అమ్మా. భార్యో, భర్తో, పిల్లలో. ఏ ఫోటో అన్నది కూడా వాళ్ళనే ఎంచుకోనివ్వాలి. చివరి రోజుల్లో మంచం మీద తీసినవి చాలామంది దగ్గర ఉంటాయి, అవి వద్దు.

పటమట_పెద్దాయన

దీని మీద నా మాట వినండి. పోయినవాళ్ళనీ ఉన్నవాళ్ళనీ ఒకే వరసలో పక్కపక్కన పెట్టకూడదు. పైన విడిగా ఒక వరస పెట్టి తాతయ్య, నానమ్మలతో మొదలుపెట్టాలి. మా ఇంట్లో మేం అలాగే చేశాం.

తెనాలి_కోడలు

మా అత్తగారు మాత్రం మామగారి పక్కనే తన ఫోటో ఉండాలని పట్టుబట్టారండీ. విడిగా పైన పెడితే ఒప్పుకోలేదు.

లెన్స్_బాబాయ్

ఇది ఇంటింటికీ వేరు. నా దగ్గర రెండు రకాలూ చేయించుకున్నారు.

అరండల్‌పేట_అమ్మాయి

నాలుగు రోజులు పట్టింది. ఉత్తరం మళ్ళీ రాశాను. మారిన భాగం ఇదీ:

"మీ దగ్గరున్న ఫోటోల్లో మీకు బాగా ఇష్టమైనవి మూడు చాలు. ఒక్కో ఫోటోకి ఏ ఊరు, సుమారుగా ఏ సంవత్సరం, అందులో ఎవరెవరు ఉన్నారో రాయండి. అందులో ఉన్న మిగతావాళ్ళని నేను విడిగా అడుగుతాను, ఆ పని మీ మీద పెట్టను. మీ ముఖం ఉన్న ఫోటో హాల్లో పెట్టవచ్చా, మన గ్రూపులో పంపవచ్చా, బయట ఫేస్‌బుక్‌లో పెట్టవచ్చా, మూడింటికీ వేరువేరుగా చెప్పండి. వద్దంటే కారణం చెప్పక్కర్లేదు. మీ నుంచి మాట రాకపోతే మీ ముఖం ఉన్నది పెట్టను. పిల్లల ఫోటోలకి అమ్మానాన్నలిద్దరూ చెప్పాలి. డిసెంబరు చివరి వారంలో అమర్చిన ఫైలు చూపిస్తాను, జనవరి 5 దాకా ఏ ఫోటో అయినా తీయించుకోవచ్చు. ఆ తర్వాత ప్రింటుకి వెళ్ళిపోతుంది. ఇంట్లో ఫోటోలు పాడైపోయినవాళ్ళు చెప్పండి, మాకు వచ్చినవాటిలో మీవి ఉంటే కాపీలు మీకే ముందు ఇస్తాను."

పెద్ద మేనత్తకి ఉత్తరం పంపకుండా బ్రాడీపేటలో వాళ్ళింటికి వెళ్ళి చదివి వినిపించాను. పెద్దాయన గారు అన్నట్టు కష్టపెట్టుకుంటుందేమో అని భయపడుతూ వెళ్ళాను. మొత్తం విని, "నన్ను ఇన్నేళ్ళలో ఇట్లా ఎవరూ అడగలేదే" అని లోపలికి వెళ్ళి ట్రంకుపెట్టె తెచ్చింది. అందులోంచి 1987 ఫోటో అసలు ప్రింటు తీసింది. వెనకవైపు తాతయ్య పెన్సిల్‌తో 23 మంది పేర్లూ వరసగా రాసి ఉన్నాడు. బాబాయ్ మొదటి భార్య పేరు కూడా ఉంది.

తెనాలి_కోడలు

చదువుతుంటే కళ్ళలో నీళ్ళొచ్చాయి. మరి ఆవిడకి ఫోన్ చేశావా?

అరండల్‌పేట_అమ్మాయి

చేశాను అక్కా. ముందు ఇప్పటి పిన్నితో మాట్లాడాను. "నాకేం ఇబ్బంది లేదు, మీ బాబాయ్‌ని కూడా ఒకమాట అడుగు" అంది. బాబాయ్ కాసేపు ఏమీ మాట్లాడలేదు, తర్వాత నంబరు ఆయనే ఇచ్చాడు.

ఆవిడ నన్ను గుర్తుపట్టింది. చిన్నప్పుడు నాకు జడలు వేసేదట. మూడు ప్రశ్నలూ అడిగాను. హాల్లో కూడా వద్దంది. "మీ వాళ్ళ మీద కోపం లేదమ్మా, కానీ నేను లేని చోట నన్ను చూసి అందరూ మాట్లాడుకోవడం వద్దు" అంది. నేను సరే అన్నాను. ఫోన్ పెట్టేసేముందు ఒకటి అడిగింది. ఆ ఫోటో స్కాన్ తనకి ఒక కాపీ పంపగలనా అని. మా నానమ్మతో కలిసి తను ఉన్న ఫోటో తన దగ్గర ఒక్కటీ లేదట.

నిన్న స్కాన్ చేయించి పంపాను. కొలాజ్‌లో 1987 ఫోటో పెట్టడం లేదు. మా తమ్ముడు ఇంకా ఒప్పుకోలేదు, ఉన్న ఒక్కటీ పోయిందని అంటున్నాడు. తాతయ్య, నానమ్మలు ఇద్దరే ఉన్న ఫోటో కోసం తెనాలి, పొన్నూరు వాళ్ళని అడిగాను. ఇప్పటిదాకా దొరకలేదు.

సింగ్‌నగర్_శ్రీమతి

చెల్లీ, అద్దంతో సహా స్కాన్ చేయించాను. అమ్మ ముఖం వచ్చింది. చెంప దగ్గర కొంచెం మరక ఉంది, కళ్ళు మాత్రం స్పష్టంగా ఉన్నాయి. కట్టలోంచి నీళ్ళలో పదకొండు విడిపోయాయి. మిగతావి ఈ ఆదివారం చూస్తాను.